నల్లజుట్టు అడుగున దాగిన నారింజ: ఫొటో చూసి రంగు ఎంచుకునేటప్పుడు

మా చిన్నాన్న కూతురు ఒక సాయంత్రం మూడు ఫొటోలు పంపింది. రెండు తనవి, ఒకటి ఎవరో మోడల్‌ది. మోడల్ జుట్టు బూడిదఛాయ కలిసిన లేత గోధుమరంగులో, భుజాల మీద అలలుగా పరుచుకుని ఉంది. కింద ఒకే ప్రశ్న: “అక్కా, ఈ రంగు నాకు నప్పుతుందా?”

జుట్టుకు రంగులు వేయడమే నా పని కాబట్టి చుట్టాల్లో ఎవరికి ఈ సందేహం వచ్చినా నా ఫోను మోగుతుంది. ప్రశ్న మంచిదే కానీ వరసలో అది మూడోది. ముందు ఆ ఫొటోలోని రంగు నిజంగా ఎంత లేతదో తేలాలి. తర్వాత అడిగినవాళ్ల జుట్టు అక్కడిదాకా వెళ్లగలదో లేదో తేలాలి. ఈ రెండు జల్లెళ్లలో మిగిలిన రంగుల్లోంచి ముఖానికి నప్పేది ఏరుకోవాలి. చాలామంది ముఖంతో మొదలుపెడతారు, రంగు మీద మనసు పడ్డాక జుట్టు దగ్గర చిక్కుకుంటారు.

ఫొటో ఎక్కడ మారుస్తుంది

మా చెల్లి పంపిన రెండు ఫొటోల్లో ఆమె ఇద్దరు మనుషుల్లా ఉంది. ఒకటి రాత్రి గదిలో పసుపు బల్బు కింద తీసింది. అందులో జుట్టు కాటుక నలుపు, ముఖం బంగారుఛాయ. రెండోది ఎండలో తీసింది. అందులో జుట్టు గోధుమరంగు, ముఖం పాలిపోయినట్టుంది. ఏది నిజమని అడిగితే రెండూ కావు. కెమెరా ప్రతి ఫొటోలోనూ తెలుపు ఏదో తనే ఊహించుకుని, మిగతా రంగులన్నీ దానికి అనుగుణంగా సర్దుతుంది. పసుపు వెలుతురును కొంత నీలం వైపు చల్లబరుస్తుంది, నీలపు నీడను కొంత పసుపు వైపు వెచ్చబరుస్తుంది. ఎంత సర్దిందో మనకు చెప్పదు. దీనికి తోడు చర్మాన్ని నునుపు చేసే అమరిక ఒకటి చాలా ఫోన్లలో దానంతటదే పనిచేస్తూ ఉంటుంది.

అందుకే ఇంకో ఫొటో తీయమన్నాను. పగటిపూట, ఎండ నేరుగా పడని కిటికీకి ఎదురుగా నిలబడాలి. గదిలో దీపాలన్నీ ఆర్పేయాలి. ముఖానికి ఏ పూతా ఉండకూడదు. పక్కన ముదురు రంగు గోడ గానీ, ఒంటి మీద ముదురు రంగు బట్ట గానీ ఉండకూడదు, ఎందుకంటే ఆకుపచ్చ గోడ పక్కన నిలబడితే ఆ పచ్చదనం చెంపమీదికి వస్తుంది. గడ్డం కింద ఒక తెల్లకాగితం పట్టుకుని, జుట్టులోంచి ఒక పాయను తీసి కుదురు నుంచి కొస దాకా ఆ కాగితం మీద పరచాలి. ఫోను వెనకవైపు కెమెరాతో ఇంకొకరు తీస్తే మేలు.

ఈ ఏర్పాటులో ముఖ్యమైనది కాగితమే. ఫొటోలో అది తెల్లగా కనిపిస్తే ముఖాన్నీ జుట్టునూ నమ్మవచ్చు. కాగితం పసుపుగా వస్తే ముఖంలో కనిపించే పసుపులో కొంత కెమెరాది. నీలంగా వస్తే జుట్టులో కనిపించే చల్లదనంలో కొంత ఆకాశానిది.

మోడల్ ఫొటోలో కాగితం ఉండదు కదా అంటే, అందుకు బదులు కంటి తెలుపు ఉంటుంది. మా చెల్లి పంపిన ఫొటోను పెద్దది చేసి చూస్తే మోడల్ కంటి తెలుపులో స్పష్టంగా నీలం ఉంది. అంటే ఫొటో మొత్తాన్ని చల్లబరిచారు. ఆ జుట్టులోని బూడిదఛాయలో కొంత రంగు కలిపినవాళ్ల పని, మిగతాది ఫొటోను దిద్దినవాళ్ల పని. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. అలలు తిప్పిన జుట్టులో మెరిసే ఉబ్బెత్తు భాగాలు అసలు రంగుకన్నా చాలా లేతగా, మడతల లోపలి నీడలు చాలా ముదురుగా ఉంటాయి. చూడవలసింది ఈ రెండింటికీ మధ్యన ఉన్న భాగాన్ని. దాన్ని మాత్రమే చూస్తే మోడల్ జుట్టు మొదట అనిపించినంత లేతగా లేదు. అయినా మా చెల్లి జుట్టుకు అది చాలా దూరమే.

ఎన్ని మెట్లు ఎక్కాలి

ఎంత దూరమో కొలవడానికి ఈ వృత్తిలో ఒక కొలబద్ద ఉంది. జుట్టు ముదురుతనాన్ని 1 నుంచి 10 వరకు లెవెల్స్‌గా లెక్కిస్తారు. 1 అంటే కటిక నలుపు, 10 అంటే దాదాపు తెలుపుకు దగ్గరైన లేత పసుపు. నాలుగు, అయిదు దగ్గర గోధుమరంగులుంటాయి. మనం నల్లజుట్టు అనుకునేదాంట్లో చాలావరకు నిజానికి 2 లేదా 3, అంటే అతి ముదురు గోధుమ. కిటికీ వెలుతురుకు అడ్డంగా ఒక పాయను పట్టుకుంటే అంచుల్లో ఎర్రటి గోధుమ మెరుపు కనిపిస్తుంది. రంగు డబ్బా మీద 5.3 అని ఉంటే, చుక్కకు ముందున్న అంకె ఈ లెవెల్‌ను చెబుతుంది, చుక్క తర్వాతది ఛాయను చెబుతుంది. 3 సాధారణంగా బంగారుఛాయ, 1 బూడిదఛాయ. అయితే చుక్క తర్వాతి అంకెల అర్థం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి వాళ్ల షేడ్ కార్డు చూడక తప్పదు. చాక్లెట్, కారమెల్ లాంటి పేర్లను నేనైతే చదవను, అంకెనే చదువుతాను.

మా చెల్లి కుదుళ్లు 2. మోడల్ జుట్టు మధ్యస్థ భాగం దాదాపు 8. మధ్యలో ఆరు మెట్లు ఉన్నాయి.

ఈ ఆరు మెట్లూ సాఫీగా, నలుపు నుంచి గోధుమకు, గోధుమ నుంచి లేత గోధుమకు వెళ్తాయనుకుంటే పొరపాటే. జుట్టులోని మెలనిన్ ఒకటే రకం కాదు. నలుపునూ ముదురు గోధుమనూ ఇచ్చేది యూమెలనిన్. ఎరుపునూ పసుపునూ ఇచ్చేది ఫియోమెలనిన్. బ్లీచ్ పడ్డప్పుడు మొదట యూమెలనిన్ విరిగిపోతుంది. రెండోది మొండిది, అంత తొందరగా పోదు. అందుకని నల్లజుట్టు లేతబడే దారి ముదురు ఎరుపు, ఎర్రనారింజ, నారింజ, పసుపునారింజ, పసుపు, లేతపసుపు అన్న వరసలోనే సాగుతుంది. లెవెల్ 4 దగ్గర ఎరుపు, 6 దగ్గర తేటనారింజ, 8 దగ్గర పసుపు తేలతాయి. ఎవరి జుట్టయినా ఇదే దారి, అడ్డదారి లేదు. బూడిదఛాయ ఈ దారిలో ఎక్కడా రాదు. అది పైనుంచి వేసేది.

పైనుంచి వేసే ఆ పలుచని రంగునే టోనర్ అంటారు. ఎదురెదురు రంగులు ఒకదాన్నొకటి అణచివేస్తాయన్న సూత్రం మీద అది పనిచేస్తుంది. నారింజను నీలం అణుస్తుంది, పసుపును ఊదా అణుస్తుంది, ఎరుపును ఆకుపచ్చ అణుస్తుంది. టోనర్ లేతబరచదు, ఉన్నదాని మీద పలుచని తెరలా పరుచుకుంటుంది. పసుపు దాకా వెళ్లిన లెవెల్ 8 జుట్టు మీద ఊదా కలిసిన టోనర్ వేస్తే మోడల్ జుట్టులాంటి రంగు వస్తుంది. అదే టోనర్‌ను లెవెల్ 6 నారింజ మీద వేస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. బ్లీచ్ చేయించుకుని నారింజ దగ్గర ఆగిపోయినవాళ్లు ఊదా షాంపూతో వారాల తరబడి రుద్దుకుంటూ, ఇంకా తగ్గలేదేమని అడుగుతుంటారు. ఊదాకు ఎదురురంగు పసుపు. నారింజకు నీలం కావాలి. నీలంతో కూడా ఆ నారింజ లేత బూడిదగా మారదు, మామూలు గోధుమగా మారుతుంది.

టోనర్ సంగతిలో ఇంకో కిటుకు ఉంది. తలంటుకున్న కొద్దీ అది వెలిసిపోతుంది. కొన్ని వారాల్లో అడుగున ఉన్న నారింజో పసుపో మళ్లీ తొంగిచూస్తుంది. కాబట్టి ఫొటోలో చూసి మనం ఎంచుకునేది మొదటి వారంలో కనిపించే రంగును. మిగతా రోజులు గడపాల్సింది అడుగు రంగుతో. ఎంపిక చేసేటప్పుడు ఆ అడుగు రంగు ముఖం పక్కన ఎలా ఉంటుందో చూసుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

బ్లీచ్ లేకుండా ఎంతదాకా వెళ్లవచ్చు? ఎప్పుడూ రంగు వేయని జుట్టయితే, 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న డెవలపర్ అనే ద్రవంతో కలిపిన శాశ్వత రంగు ఒకటి రెండు మెట్లు ఎత్తుతుంది. ఈ 6 శాతాన్నే 20 వాల్యూమ్ అంటారు. 9 శాతం, అంటే 30 వాల్యూమ్, ఇంకొంచెం ఎత్తుతుంది. లెవెల్ 2 జుట్టు ఈ దారిలో 4 దాకా వస్తుంది. ఇంట్లో నీడలో చూస్తే తేడా అంతగా తెలియదు, ఎండలో మాత్రం వెచ్చటి గోధుమ మెరుపు కనిపిస్తుంది. డబ్బా ముందువైపు నవ్వే ముఖాన్ని చూసి 7 అంకె ఉన్న రంగు కొని నల్లజుట్టుకు పూసుకుంటే వచ్చేది కూడా దాదాపు ఇంతే, కుదుళ్ల దగ్గర కాస్త ఎర్రదనం ఎక్కువ. డబ్బా వెనకవైపు, ముందున్న జుట్టు ఏ రంగుదైతే ఏ ఫలితం వస్తుందో చూపే చిన్న బొమ్మలుంటాయి. చూడాల్సింది వాటిని.

ఇదంతా ఎప్పుడూ రంగు వేయని జుట్టుకే. రంగు మీద రంగు వేస్తే లేతబడదు. కాగితం మీద పరిచిన మా చెల్లి పాయను ఫొటోలో చూస్తే పైన సుమారు 14 సెంటీమీటర్ల దాకా అంచుల్లో సన్నటి ఎరుపు మెరుపు ఉంది. అక్కడినుంచి కొస దాకా మెరుపు లేని నలుపు, కాస్త నీలం కలిసినట్టుంది. “నల్లరంగు వేసుకునేదానివా?” అని అడిగాను. మానేసి ఏడాది పైనే అయిందంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, లెక్క సరిపోయింది. మొత్తం 40 సెంటీమీటర్ల జుట్టులో కింది 26 సెంటీమీటర్లూ డబ్బా రంగుదే. ఆ భాగాన్ని శాశ్వత రంగు ఏమీ చేయలేదు. బ్లీచ్ ఒక్కటే దారి, అదీ మొరాయిస్తూనే.

ముఖం మాట

చర్మం గురించి మాట్లాడేటప్పుడు రెండు విషయాలను కలిపేస్తుంటారు. ఒకటి ఛాయ ఎంత ముదురు అన్నది. రెండోది ఆ ఛాయ అడుగున పసుపు ఉందా, ఎరుపు ఉందా, ఆకుపచ్చ జీర ఉందా అన్నది. చామనఛాయలో ఈ మూడు రకాలూ కనిపిస్తాయి. మణికట్టు నరాలు నీలంగా ఉంటే చల్లని ఛాయ, ఆకుపచ్చగా ఉంటే వెచ్చని ఛాయ అనే పరీక్ష అందరి నోటా నలిగింది. ముదురు చర్మం మీద నరాల రంగే సరిగా కనిపించదు, కనిపించినా వెలుతురును బట్టి మారుతుంది. దాన్ని నేను పక్కన పెట్టేశాను.

అంతకన్నా పనికొచ్చేది బట్ట పరీక్ష. జుట్టు మొత్తాన్ని తెల్ల తువ్వాలులో చుట్టేసి, అదే కిటికీ దగ్గర, మెడ చుట్టూ ఒకసారి రాగి కలిసిన గోధుమ బట్టను, ఇంకోసారి బూడిద కలిసిన గోధుమ బట్టను కప్పుకుని ఫొటోలు తీయాలి. రెండు బట్టలూ ముదురుతనంలో దగ్గరగా ఉండాలి, లేకపోతే మనం ఛాయను కాకుండా వెలుగును పోల్చినట్టవుతుంది. ఫొటోలు పక్కపక్కన పెట్టి బట్టను చూడకుండా కళ్ల కింద నీడను, పెదాల చుట్టూ నల్లదనాన్ని, మొటిమల మచ్చలను చూడాలి. ఏ బట్టతో అవి ముదిరాయో ఆ ఛాయ ముఖం పక్కన వద్దు.

మా చెల్లి చర్మం అడుగున ఆకుపచ్చ జీర ఉన్న చామనఛాయ. బూడిద బట్టతో కళ్ల కింద వలయాలు ఒక్కసారిగా తేలాయి, ముఖం నిద్రలేనట్టు అయింది. మోడల్ జుట్టులో ఆమెకు నచ్చిన బూడిదే ఆమె ముఖానికి పడలేదు. రాగి బట్టతో వలయాలు తగ్గాయి కానీ బుగ్గ మీది మచ్చలు ఎర్రబడ్డాయి. రెండింటికీ మధ్యలో, అటు ఎరుపూ ఇటు బూడిదా ఎక్కువ లేని మామూలు గోధుమ ఒకటి ఉండాలన్నమాట. వెచ్చని చర్మానికి వెచ్చని రంగు, చల్లని చర్మానికి చల్లని రంగు అనే సూత్రం ఇక్కడ తడబడుతుంది. పసుపుఛాయ ఎక్కువున్న ముఖం పక్కన పచ్చటి బంగారు జుట్టు పెడితే రెండూ కలిసిపోయి మనిషి జబ్బుపడి లేచినట్టు కనిపించడం నేను చాలాసార్లు చూశాను.

నన్నడిగితే ఛాయకన్నా ముదురుతనమే ముఖాన్ని ఎక్కువగా మారుస్తుంది. నల్లటి కనుబొమలు, నల్లటి కళ్లు ఉన్న ముఖం చుట్టూ లెవెల్ 8 జుట్టు పెడితే, జుట్టు వేరుగా, ముఖం వేరుగా నిలబడతాయి. కావాలని అలా చేయించుకునేవాళ్లున్నారు, బాగానే ఉంటుంది, అది వేరే రుచి. “ఇది నా జుట్టే” అనిపించాలనుకునేవాళ్లు కనుబొమల కన్నా రెండు మూడు మెట్లకు మించి పైకి వెళ్లకపోవడం మంచిది. కనుబొమలను కూడా లేతబరిస్తే సరిపోతుంది కదా అని అనకండి. ఇంట్లో తలకు వాడే రంగునూ బ్లీచ్‌నూ కంటికి అంత దగ్గరగా తీసుకెళ్తే చూపుకే ముప్పు.

బ్లీచ్ లోపల ఏం చేస్తుంది

వెంట్రుక పైన చేప పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి పరుచుకున్న పొర ఉంటుంది. మెలనిన్ దాని లోపల ఉంటుంది. బ్లీచ్ పొడిలోని పెర్సల్ఫేట్లు, డెవలపర్‌లోని పెరాక్సైడ్, రెండూ కలిసిన క్షారం ఆ పొలుసులను లేపి లోపలికి చొరబడతాయి. మెలనిన్‌ను విరిచే ఆ ఆక్సీకరణమే వెంట్రుకకు బలాన్నిచ్చే గంధకపు బంధాలను కూడా తెంపుతుంది. మెలనిన్‌ను మాత్రమే చూసి తెంపే బ్లీచ్ ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. పొలుసుల పైన పుట్టుకతో ఉండే సన్నటి కొవ్వు పొర కూడా పోతుంది. నీటిని జార్చే ఆ పొర పోయాక వెంట్రుక నీటిని పీల్చుకుంటుంది, ఆలస్యంగా ఆరుతుంది, చిక్కులు పడుతుంది, వేసిన టోనర్‌ను తొందరగా వదిలేస్తుంది. పోయిన బంధాలు తిరిగి రావు, ఎందుకంటే మాడు బయటకు వచ్చిన వెంట్రుకలో ప్రాణమున్న కణం లేదు. కండిషనర్లు పైపైన నునుపునిస్తాయి, అంతవరకే.

దెబ్బతిన్నదని ఎలా తెలుస్తుంది? ఒక వెంట్రుకను తడిపి రెండు వేళ్ల మధ్య మెల్లగా లాగాలి. ఆరోగ్యంగా ఉన్నది కొంచెం సాగి, వదలగానే వెనక్కి వస్తుంది. బాగా దెబ్బతిన్నది పాత రబ్బరులా సాగుతూనే పోయి, వెనక్కి రాకుండా తెగిపోతుంది. తడిగా ఉన్నప్పుడు జిగురుజిగురుగా తగిలితే ఆ భాగానికి ఇంకెప్పుడూ బ్లీచ్ వద్దు.

మాడు సంగతి వేరు. బ్లీచ్ కాసేపు చిమచిమలాడటం చాలామందికి మామూలే. మంట పుట్టి పెరుగుతుంటే మాత్రం ఇంకో అయిదు నిమిషాలు ఓర్చుకుందామనుకోకూడదు. వెంటనే ధారాళంగా నీళ్లతో కడిగేయాలి. ఆలస్యమైతే బొబ్బలెక్కి, పుండుపడి, ఆ చోట జుట్టు మళ్లీ మొలవని మచ్చ కూడా మిగలవచ్చు. గోకిన గాట్లు, పుండ్లు ఉన్న మాడు మీద బ్లీచ్ వేయకూడదు. బ్లీచ్ పూసిన పాయలను చుట్టే ఫాయిల్ మీద వేడిగాలి పెట్టి తొందరపెట్టడం కాలిన గాయాలకు దగ్గరిదారి. వేడి లేకపోయినా మాడు వెచ్చదనానికే కుదుళ్ల దగ్గరి బ్లీచ్ మిగతా భాగంకన్నా వేగంగా పనిచేస్తుంది. తల మొత్తానికి ఒకేసారి పూస్తే కుదుళ్లు మండే పసుపుగా, కింది భాగం నారింజగా రావడానికి కారణం అదే.

ఎలర్జీ విషయంలో రెండు వేర్వేరు పదార్థాలను గుర్తుపెట్టుకోవాలి. ముదురు శాశ్వత రంగుల్లో ఉండే పారాఫినైలిన్ డయామిన్, దాని దగ్గరి పదార్థాలు కొందరికి తీవ్రంగా పడవు. వేసిన కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో దురద, నీటిపొక్కులు, కనురెప్పలు మూసుకుపోయేంత వాపు వస్తాయి. వాడే 48 గంటల ముందు డబ్బాలోని కాగితం చెప్పినట్టు చర్మం మీద చుక్క వేసి చూడమనేది ఇందుకే. నిన్నటిదాకా పడ్డ రంగు రేపు పడకపోవచ్చు. నల్ల గోరింటాకు పేరుతో అమ్మే వాటిలో తరచుగా ఇదే పదార్థం కలిసి ఉంటుంది. దానివల్ల ఎప్పుడైనా చేతులు పొక్కినవాళ్లు జుట్టు రంగు జోలికి వెళ్లకపోవడమే మంచిది. రెండోది బ్లీచ్ పొడిలోని పెర్సల్ఫేట్. దాని ధూళి కొందరికి దద్దుర్లు, పిల్లికూతలు, ఆయాసం తెస్తుంది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు ఉబ్బసం రావడానికి తెలిసిన కారణాల్లో అదొకటి. ముఖం ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా కడుక్కుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

జుట్టుకు గోరింటాకు పెట్టుకునేవాళ్లు పొడి పొట్లం మీద ఏముందో చూడాలి. అచ్చమైన గోరింటాకు బ్లీచ్‌తో పేలదు, నారింజను మొండిగా పట్టుకుని కూర్చుంటుంది, అంతే. లోహ లవణాలు కలిపిన పొడులు, రోజురోజుకీ మెల్లగా నల్లబరిచే ద్రవాలు వాడిన జుట్టుకు పెరాక్సైడ్ తగిలితే మాత్రం వేడి పుడుతుంది, పొగలు రావచ్చు, జుట్టు తునిగిపోవచ్చు.

ఒక్క పాయలో మూడు పట్టీలు

మా చెల్లి మోడల్ ఫొటోను వదలలేదు. సరే, నీ జుట్టునే అడుగుదామన్నాను. మెడ వెనక, పై జుట్టు కప్పేసే చోట, అగ్గిపుల్ల మందాన ఒక పాయను మాడుకు దగ్గరగా కత్తిరించి, కుదురు వైపు దారంతో కట్టాను. ప్లాస్టిక్ గిన్నెలో ఒక వంతు బ్లీచ్ పొడికి రెండు వంతులు 20 వాల్యూమ్ డెవలపర్ కలిపాను. లోహపు గిన్నె వాడకూడదు, మిగిలిన మిశ్రమాన్ని మూత బిగించి దాచకూడదు, లోపల వాయువు పుట్టి సీసా పగులుతుంది. పాయకు నిండుగా పూసి, ఆరిపోకుండా చూస్తూ, పదేసి నిమిషాలకోసారి కొంచెం తుడిచి చూశాం. 40 నిమిషాలకు కడిగేశాం.

ఆరాక కాగితం మీద పెడితే ఆ ఒక్క పాయలోనే మూడు పట్టీలు తేలాయి. పైన 14 సెంటీమీటర్లు తేటనారింజ, లెవెల్ 6. కింద డబ్బా రంగున్న భాగం ఇటుక కలిసిన ముదురు గోధుమ, 4 కూడా దాటలేదు. చివరి ఆరేడు సెంటీమీటర్లు చూపుకు మధ్య భాగంలాగే ఉన్నాయి కానీ తడిపి లాగితే సాగి అలాగే వేలాడాయి. నల్లరంగు వేసుకున్న ప్రతిసారీ కొస దాకా దువ్వుకునేదట. ఆ కొసలు ఎన్నిసార్లు రంగు తాగాయో వాటికే తెలియాలి.

ఇక లెక్క తేలికే. మోడల్ రంగు కావాలంటే పై భాగానికి ఇంకోసారి, మధ్య భాగానికి ఇంకా మూడు నాలుగుసార్లు బ్లీచ్ పడాలి. కొసలు మొదటిసారికే చేతులెత్తేశాయి. అంతా చేసినా చివరికి వచ్చేది కళ్ల కింద వలయాలను తేల్చే బూడిద.

మా చెల్లి ముందు జుట్టు ముఖానికి ఇరువైపులా పొరలుగా కత్తిరించి ఉంది, పొడవు 18 సెంటీమీటర్ల లోపే. అందులో చివరి నాలుగు సెంటీమీటర్లు తప్ప మిగతాదంతా రంగు వేయని సొంత జుట్టు. ఆ నాలుగూ కత్తిరించి, ముఖం చుట్టూ పది పన్నెండు సన్నటి పాయలు మాత్రమే తీసుకున్నాం. మాడుకు రెండు సెంటీమీటర్లు వదిలి, ఫాయిల్‌లో పెట్టి, పరీక్షలో చూసినట్టే నారింజ దాకా తెచ్చి ఆపేశాం. దాని మీద లెవెల్ 5లో కొంచెం నీలం మొగ్గున్న గోధుమ టోనర్‌ను 10 వాల్యూమ్‌తో వేశాం. 48 గంటల చర్మ పరీక్ష దానికి ముందే అయిపోయింది. నారింజా నీలమూ ఒకదాన్నొకటి మింగేసి మామూలు గోధుమ మిగిలింది. వెనకాల జుట్టును ముట్టుకోలేదు. కొసల్లో ఆరు సెంటీమీటర్లు కత్తెరకు పోయాయి.

నెలన్నర తర్వాత ఆమె మళ్లీ ఫొటో పంపింది. కిటికీ, తెల్లకాగితం, దాని మీద పరిచిన పాయ. టోనర్ సగం వెలిసి అడుగు నారింజ పైకి వచ్చింది. రాగి బట్టలో చూసిన ఛాయకు దగ్గరగానే ఉంది, బుగ్గ మచ్చలు మాత్రం కాస్త ఎర్రబడ్డాయి. ఈసారి టోనర్ ఇంకొంచెం ముదురుగా, నీలం ఎక్కువగా కలపాలని రాసుకున్నాను. “వెనకాల కూడా ఎప్పుడు చేద్దాం అక్కా?” అని అడిగింది. కత్తిరించాక మిగిలిన డబ్బా రంగు 20 సెంటీమీటర్లు. నెలకు సెంటీమీటరు చొప్పున లెక్కేసి చెప్పాను.